వానొచ్చి ఛేదన ఆగిపోతే పార్ స్కోరు ఎలా లెక్కిస్తారు?

ప్రశ్న: రెండో జట్టు బ్యాటింగ్ చేస్తుండగా వాన మొదలైతే టీవీలో పార్ స్కోరు అని ఒక అంకె చూపిస్తారు. ఒక్కో బంతికీ అది మారిపోతుంటుంది. వికెట్ పడితే ఒక్కసారిగా పెరుగుతుంది. ఓవర్లు తగ్గించినప్పుడేమో రన్ రేట్ లెక్కకన్నా ఎక్కువ పరుగులు అడుగుతారు. ఇదంతా ఏ లెక్క? గణితం పెద్దగా రానివాళ్ళకు అర్థమయ్యేలా ఎవరైనా చెప్పగలరా?

జవాబు:

పార్ స్కోరు అంటే, మ్యాచ్ ఈ బంతితోనే ఆగిపోతే రెండు జట్లూ సమానంగా నిలిచే స్కోరు. అంతకన్నా ఒక్క పరుగు ఎక్కువుంటే ఛేదించే జట్టు గెలుస్తుంది, ఒక్కటి తక్కువుంటే ఓడుతుంది, సరిగ్గా అంతే ఉంటే టై. లెక్క కూడా చిన్నదే. ఛేదించే జట్టు తన వనరుల్లో ఎంత శాతం ఖర్చు పెట్టిందో చూసి, మొదటి జట్టు పరుగుల్లో అంత శాతం తీసుకోవడమే.

```
పార్ = మొదటి జట్టు పరుగులు × ఖర్చయిన వనరుల శాతం ÷ 100
```

దశాంశం వస్తే కొట్టేయాలి. మిగిలిన పూర్ణాంకం పార్. దానికి ఒకటి కలిపితే గెలుపు స్కోరు.

నేను చాలా ఏళ్లుగా జిల్లా స్థాయి లీగ్ మ్యాచ్‌లకు స్కోరర్‌గా కూర్చుంటున్నాను. వానాకాలంలో కెప్టెన్లు, మేనేజర్లు, ప్రేక్షకులు అందరూ నా బల్ల చుట్టూ చేరి అడిగేది ఇదే. వాళ్లకు తెలియనిది గుణకారం కాదు, ఈ "వనరులు" అన్నమాట. అదొక్కటి పట్టుబడితే మిగతాదంతా కూడికలు, తీసివేతలే.

బ్యాటింగ్ జట్టు చేతిలో రెండు ఉంటాయి: మిగిలిన ఓవర్లు, మిగిలిన వికెట్లు. 20 ఓవర్లు మిగిలి ఉన్నా తొమ్మిది వికెట్లు పడిపోతే ఆ ఓవర్ల వల్ల ఒరిగేది తక్కువ. పది వికెట్లు చేతిలో ఉన్నా రెండే ఓవర్లు మిగిలితే ఆ వికెట్లతోనూ పెద్ద పని లేదు. రెంటినీ కలిపి ఒకే శాతంగా చెప్పడమే ఫ్రాంక్ డక్‌వర్త్, టోనీ లూయిస్ అనే ఇద్దరు ఇంగ్లండ్ గణాంక నిపుణులు చేసిన పని. 1997 నుంచి వాడుకలోకి వచ్చిన ఆ పద్ధతిని తరువాత స్టీవెన్ స్టెర్న్ సవరించాడు కాబట్టి ఇప్పుడు డీఎల్ఎస్ అంటున్నాం. 50 ఓవర్లు, పది వికెట్లు చేతిలో ఉంటే 100 శాతం. అక్కడి నుంచి తరుగుతూ వస్తుంది. చేత్తో లెక్క వేసుకునే పట్టికలోంచి కొన్ని వరుసలు ఇక్కడ ఇస్తున్నాను. ఎడమవైపు మిగిలిన ఓవర్లు, పైన పడిన వికెట్లు, లోపల మిగిలిన వనరుల శాతం.

| మిగిలిన ఓవర్లు | 0 వికెట్లు | 2 | 4 | 6 | 8 |
|---|---|---|---|---|---|
| 50 | 100.0 | 85.1 | 62.7 | 34.9 | 11.9 |
| 40 | 89.3 | 77.8 | 59.5 | 34.6 | 11.9 |
| 30 | 75.1 | 67.3 | 54.1 | 33.6 | 11.9 |
| 20 | 56.6 | 52.4 | 44.6 | 30.8 | 11.9 |
| 10 | 32.1 | 30.8 | 28.3 | 22.8 | 11.4 |
| 5 | 17.2 | 16.8 | 16.1 | 14.3 | 9.4 |

ఎనిమిది వికెట్ల కాలమ్‌ను ఒకసారి పైనుంచి కిందికి చూడండి. 50 ఓవర్లు మిగిలినా 11.9 శాతమే, 20 మిగిలినా 11.9 శాతమే. చివరి ఇద్దరు ముగ్గురు ఎన్ని ఓవర్లు మిగిలినా ఎక్కువసేపు నిలవరని పట్టిక ముందే తేల్చేసిందన్నమాట. టెయిలెండర్లకు కోపం రావచ్చు గానీ, వేల మ్యాచ్‌ల స్కోర్లలో కనిపించేది అదే.

వాన ఎప్పుడు వచ్చిందన్నదే అసలు సంగతి

మీ ప్రశ్నలో రెండు వేర్వేరు సందేహాలు కలిసి ఉన్నాయి. ఓవర్లు తగ్గిస్తే లక్ష్యం రన్ రేట్ లెక్కకన్నా ఎక్కువ వస్తుంది. మధ్యలో ఆట ఆగిపోతే పార్ చాలాసార్లు రన్ రేట్ లెక్కకన్నా తక్కువే ఉంటుంది. ఒకే పద్ధతి ఒకచోట కఠినంగా, మరోచోట ఉదారంగా ఎందుకుంటుందని చాలామందికి అనుమానం. ఒక ఉదాహరణతో చూద్దాం.

మొదటి జట్టు 50 ఓవర్లలో 240 చేసిందనుకోండి. ఓవరుకు 4.8. రన్ రేట్ ప్రకారం 40 ఓవర్లకు 192 రావాలి.

మొదట, ఛేదన మొదలుకాకముందే వాన పడి పది ఓవర్లు పోయాయనుకుందాం. ఛేదించే జట్టుకు 40 ఓవర్లు, పది వికెట్లు. పట్టికలో 89.3 శాతం. 240లో 89.3 శాతం అంటే 214.3. టై అయ్యే స్కోరు 214, లక్ష్యం 215. రన్ రేట్ లెక్కకన్నా ఇరవై పైచిలుకు పరుగులు ఎక్కువ. ఎందుకంటే ఆ జట్టు కోల్పోయింది 10.7 శాతమే. పది వికెట్లను 50కి బదులు 40 ఓవర్లకు సర్దుకుంటే చాలని వాళ్లకు ముందే తెలుసు కాబట్టి మొదటి నుంచీ కాస్త ధాటిగా ఆడవచ్చు.

ఇప్పుడు అదే 240 ఛేదనలో 40 ఓవర్లూ పూర్తయ్యాక, 2 వికెట్లు పడి ఉండగా వాన వచ్చి ఆట మళ్లీ మొదలుకాలేదనుకోండి. ఇక్కడ కూడా పోయినవి పది ఓవర్లే. కానీ మిగిలిన వనరులు 30.8 శాతం, అంటే ఖర్చయింది 69.2 శాతం. 240లో అది 166. కాబట్టి 167 ఉంటే గెలిచినట్టే.

రెండు చోట్లా ఆడినవి 40 ఓవర్లే, ఒకచోట 215 కావాలి, మరోచోట 167 చాలు. తేడా అంతా ఏ పది ఓవర్లు పోయాయి అన్నదాంట్లో ఉంది. రెండో సందర్భంలో ఆ జట్టు ఎనిమిది వికెట్లను చివరి పది ఓవర్ల కోసమే దాచుకుంది. పండక్కి కూడబెట్టిన డబ్బు పండగ ముందురోజు పోయినట్టు, సరిగ్గా బాదే సమయానికి వాన వాళ్ల ఇన్నింగ్స్‌ను మింగేసింది. ఆ నష్టానికి పరిహారమే పార్ తగ్గడం.

వికెట్లు దాచుకోకపోతే ఆ పరిహారం కూడా కరిగిపోతుంది. అదే 40 ఓవర్లకు నాలుగు వికెట్లు పడి ఉంటే పార్ 172. ఆరు పడి ఉంటే 185. ఎనిమిది పడి ఉంటే 212, అంటే రన్ రేట్ లెక్క కూడా దాటిపోయింది. టీవీలో వికెట్ పడగానే అంకె ఎగిరేది ఇందుకే.

మా లీగ్‌లో ఒక మ్యాచ్ దాదాపు ఇలాగే నడిచింది. మొదటి జట్టు 240. ఛేదించే జట్టు 40వ ఓవరు మొదలయ్యేసరికి 176/4, పార్ కన్నా హాయిగా ముందుంది. ఆకాశం నల్లబడుతోంది. వాన వచ్చేలోగా ఇంకొన్ని పరుగులు కొట్టేద్దామని బ్యాట్స్‌మన్ ముందుకొచ్చి లేపాడు, లాంగాన్‌లో దొరికిపోయాడు. కొత్తగా వచ్చినవాడూ అదే ఓవర్లో అదే పని చేశాడు. ఓవరు ముగిసేసరికి 180/6. పార్ 185. చినుకులు మొదలై అంపైర్లు బెయిల్స్ తీసేశారు. అయిదు పరుగుల తేడాతో ఓటమి. ఆ ఓవరును ఊరికే ఆరు డాట్ బంతులు ఆడి 176/4 దగ్గరే ఆగినా పార్ 172 కాబట్టి వాళ్లే గెలిచేవారు. వాన ముంచుకొస్తున్నప్పుడు పరుగులకన్నా వికెట్ ఖరీదైనది. కుర్రాళ్లకు ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా మబ్బు పట్టగానే బ్యాటు ఊపడం మాత్రం మానరు.

డర్బన్, 2003: ఒక్క పరుగు

పార్ గురించి చెప్పేటప్పుడు తప్పనిసరిగా చూడాల్సిన మ్యాచ్ 2003 ప్రపంచకప్‌లో దక్షిణాఫ్రికా, శ్రీలంక మధ్య డర్బన్‌లో మార్చి 3న జరిగింది. పై పట్టికతోనే దాన్ని మనం చేత్తో లెక్కించవచ్చు.

శ్రీలంక 50 ఓవర్లలో 268/9. ఛేదనలో వాన బలపడుతోంది. 45వ ఓవరు మురళీధరన్ వేస్తున్నాడు, దక్షిణాఫ్రికా ఆరు వికెట్లు కోల్పోయింది. డ్రెస్సింగ్ రూమ్ నుంచి బ్యాట్స్‌మన్ బౌచర్‌కు కబురు వచ్చింది: ఈ ఓవరు చివరికి 229 ఉంటే చాలు. అయిదో బంతికి బౌచర్ సిక్స్ కొట్టాడు. స్కోరు 229. పని అయిపోయిందనుకుని ఆఖరి బంతిని జాగ్రత్తగా నెట్టి ఊరుకున్నాడు. వికెట్ పోకూడదు కదా అని పరుగుకు కూడా ప్రయత్నించలేదు. ఆ ఓవరు తరువాత ఆట మళ్లీ సాగలేదు.

ఇప్పుడు లెక్క. 5 ఓవర్లు మిగిలాయి, 6 వికెట్లు పడ్డాయి. పట్టికలో 14.3. ఖర్చయింది 85.7 శాతం. 268లో 85.7 శాతం అంటే 229.68. దశాంశం తీసేస్తే 229. అది టై స్కోరు, గెలవాలంటే 230. దక్షిణాఫ్రికా సరిగ్గా 229 దగ్గర ఆగింది. మ్యాచ్ టై. ఆతిథ్య దేశం తొలి దశలోనే ఇంటిదారి పట్టింది, కెప్టెన్ షాన్ పొలాక్ కెప్టెన్సీ పోయింది.

లెక్కలో తప్పేమీ లేదు, చదవడంలోనే పొరపాటు. పార్ షీటులో ఉండేది టై అయ్యే స్కోరు. దాన్ని గెలుపు స్కోరుగా చదివారు. ఇందులో ఇంకో సూక్ష్మం ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. సిక్స్ కొట్టిన క్షణంలో, అంటే ఇంకా ఒక బంతి ఉండగా, పార్ 228 దగ్గరే ఉంటుంది. ఒక్కో బంతికీ వనరుల్లో దాదాపు 0.3 శాతం తరుగుతుంది, 268 లాంటి స్కోరులో అది ముప్పావు పరుగు పైమాటే. అంటే ఆ క్షణంలో దక్షిణాఫ్రికా ఒక పరుగు ముందుంది. ఆఖరి డాట్ బంతి ఆ ఒక్క పరుగునూ తినేసింది. డాట్ బంతి కూడా పార్‌ను పెంచుతుంది, వికెట్ అంత కాకపోయినా.

అదే ఓవరు చివరికి నాలుగు వికెట్లే పడి ఉంటే పార్ 224. ఎనిమిది పడి ఉంటే 242. అందుకే "ఎంత కావాలి" అని ఎవరైనా నన్ను అడిగితే ఒక అంకె చెప్పను. "ఇంకో వికెట్ పోకుండా ఉంటే ఇంత, పోతే ఇంత" అని రెండూ చెబుతాను. అసలు పార్ షీటు కూడా అలాగే ఉంటుంది. అడ్డంగా పడిన వికెట్లు, నిలువుగా ఓవర్లు లేదా బంతులు. మీ వరుస, మీ కాలమ్ కలిసే గడిలో ఉన్నది టై స్కోరు.

వాన ఆగి ఆట మళ్లీ మొదలైతే

అప్పుడు చేయాల్సింది ఒక తీసివేత. ఆట ఆగినప్పుడు మిగిలిన వనరుల్లోంచి, మళ్లీ మొదలైనప్పుడు మిగిలిన వనరులు తీసేస్తే వాన మింగింది ఎంతో తెలుస్తుంది. దాన్ని 100లోంచి తీసేసి, వచ్చిన శాతంతో మొదటి జట్టు పరుగులను గుణించాలి.

పాత 240 ఛేదనే తీసుకోండి. 20 ఓవర్లకు 2 వికెట్లు పడ్డాక వాన వచ్చింది, 10 ఓవర్లు కోత పడ్డాయి. ఆగినప్పుడు 30 ఓవర్లు మిగిలాయి, వనరులు 67.3. మళ్లీ మొదలైనప్పుడు 20 ఓవర్లు, వనరులు 52.4. పోయింది 14.9. ఉన్నది 85.1 శాతం. 240లో అది 204.2, కాబట్టి కొత్త లక్ష్యం 40 ఓవర్లలో 205. అదే సమయానికి ఆరు వికెట్లు పడి ఉంటే పోయింది 2.8 శాతమే. లక్ష్యం 234! పది ఓవర్లు కోసి ఏడు పరుగులే తగ్గించారని అభిమానులు గోల చేస్తారు గానీ, ఆరు వికెట్లు పడ్డ జట్టుకు ఆ పది ఓవర్లు పెద్దగా అక్కరకు వచ్చేవి కావు.

గమనించండి, ఆపే సమయానికి ఎన్ని పరుగులు చేశారన్నది ఈ లక్ష్యం లెక్కలో ఎక్కడా రాలేదు. అప్పటికి 120 చేసినా, 60 చేసినా లక్ష్యం 205 మాత్రమే. చేసిన పరుగులు పోవు, మిగిలినవి కొట్టాలి, అంతే.

2022 టీ20 ప్రపంచకప్‌లో అడిలైడ్‌లో భారత్, బంగ్లాదేశ్ మ్యాచ్ గుర్తుండే ఉంటుంది. మనవాళ్లు 184/6 చేశారు. వాన వచ్చేసరికి బంగ్లాదేశ్ 7 ఓవర్లలో 66/0, పార్ కన్నా 17 పరుగులు ముందు. ఆట అక్కడే ఆగిపోతే వాళ్లే గెలిచేవారు. కానీ వాన తగ్గింది, లక్ష్యం 16 ఓవర్లలో 151 అయింది. మళ్లీ మొదలైన కాసేపటికే లిటన్ దాస్‌ను రాహుల్ నేరుగా విసిరిన త్రో రనౌట్ చేసింది, ఆపై వరసగా వికెట్లు పడ్డాయి. చివరికి 145/6, భారత్ 5 పరుగులతో గెలిచింది. పార్ కన్నా ముందుండటం ఆట అక్కడితో ముగిస్తేనే పనికొస్తుంది. ఆట మళ్లీ మొదలైందా, ఆ ఆధిక్యాన్ని విడిగా ఎవరూ లెక్కలో వేయరు.

టీ20లో చిన్న మార్పు

20 ఓవర్ల మ్యాచ్‌లో జట్టు మొదలయ్యేదే 56.6 శాతంతో. కాబట్టి వందతో కాకుండా 56.6తో భాగించాలి. 2023 ఐపీఎల్ ఫైనల్లో గుజరాత్ 214/4 చేశాక, చెన్నై ఇన్నింగ్స్‌లో మూడు బంతులు పడగానే వాన వచ్చింది. ఛేదన 15 ఓవర్లకు కుదించారు. రన్ రేట్ ప్రకారం అయితే 161 చాలు. 15 ఓవర్లు, పది వికెట్లకు పట్టికలో 45.2. 45.2ను 56.6తో భాగిస్తే 79.9 శాతం, 214లో అది 170.9, అంటే టై స్కోరు 170, లక్ష్యం 171. ఇచ్చిన లక్ష్యం కూడా 171. ఆఖరి రెండు బంతులకు జడేజా కొట్టిన సిక్స్, ఫోర్‌తో చెన్నై అక్కడికి చేరింది.

చేతి లెక్క ఎక్కడ తేడా వస్తుంది

పైన ఇచ్చిన పట్టిక పాత పద్ధతిది. ఇప్పుడు అంతర్జాతీయ మ్యాచ్‌లకు, ఐపీఎల్‌కు కంప్యూటర్ ప్రోగ్రామ్ వాడతారు. ముఖ్యమైన తేడా ఒకటే: మొదటి జట్టు బాగా పెద్ద స్కోరు చేస్తే ఛేదన మొదటి నుంచీ వేగంగానే సాగాలి, చివరి పది ఓవర్లకు అంతా వదిలేయలేం. కంప్యూటర్ పద్ధతి ఆ సంగతిని లెక్కలోకి తీసుకుంటుంది, చేతి పట్టిక తీసుకోదు. అందుకే 240, 260 లాంటి స్కోర్లకు చేతి లెక్క దగ్గరగా వస్తుంది, 350 దాటితే మధ్య ఓవర్లలో నిజమైన పార్ మీ అంకెకన్నా ఎక్కువ ఉంటుంది. మొదటి ఇన్నింగ్స్‌లో కూడా వాన పడితే లెక్క వేరే దారిలో నడుస్తుంది, దానికి పై సూత్రం వాడకండి.

ఇంకొకటి. పార్ కన్నా ముందున్నంత మాత్రాన ఫలితం వచ్చేయదు. వన్డేలో రెండో జట్టు కనీసం 20 ఓవర్లు ఆడి ఉండాలి, మామూలు టీ20లో 5 ఓవర్లు. అంతకన్నా ముందే ఆట ఆగిపోతే మ్యాచ్ ఫలితం తేలనట్టే. అందుకే 18వ ఓవర్లో చినుకులు మొదలైతే వెనకబడ్డ జట్టు ఫీల్డింగ్ సర్దుకోవడానికి ఎక్కడలేని సమయం తీసుకుంటుంది.

క్రీజులో ఉన్నది ఎవరన్నది కూడా ఈ లెక్కకు పట్టదు. సెంచరీ కొట్టి కుదురుకున్న బ్యాట్స్‌మన్ ఉన్నా, ఇప్పుడే వచ్చిన కుర్రాడు ఉన్నా ఒకే పార్. తడిసిన బంతి స్పిన్నర్ చేతిలోంచి జారిపోతున్నా అంతే. దీన్ని లోపమనేవాళ్లున్నారు. నాకైతే ఇలా ఉండటమే మేలనిపిస్తుంది. బ్యాట్స్‌మన్‌ను బట్టి పార్ మార్చే లెక్క ఉంటే, రోహిత్ ఔటైతే ఎంత, బుమ్రా ఔటైతే ఎంత అని వాదించుకోవడంతోనే తెల్లారుతుంది.

మీరు ఇంట్లో చూస్తూ లెక్క వేసుకోవాలంటే ఓవరు ముగిసినప్పుడు మాత్రమే వేయండి, బంతి బంతికీ పట్టిక అందుబాటులో ఉండదు. తెరమీది అంకెకు, మీ అంకెకు మూడు నాలుగు పరుగుల తేడా వస్తే కంప్యూటర్ పద్ధతి వల్లే అనుకోండి. పదిహేను పరుగులు తేడా వస్తే మాత్రం పడిన వికెట్ల కాలమ్ సరిగా చూశారో లేదో ఒకసారి సరిచూసుకోండి. నా బల్ల దగ్గర పట్టిక చూసేవాళ్లలో సగం మంది మిగిలిన ఓవర్ల వరుసలో, అయిపోయిన ఓవర్లు వెతుకుతుంటారు.